కూలర్ చెప్పులు

మా మేనత్తను వీధిలో ఎవరూ పేరుతో పిలవరు. కుట్టు మిషను ముందు కూర్చుంటే తల ఎత్తదు కాబట్టి ఆమె మిషనత్త. ఆమెకన్నా పెద్దవాళ్ళు కూడా మిషనత్తా అనే అంటారు. వరసలు తప్పుతున్నాయని ఆమె ఎన్నడూ ఎవరినీ సరిదిద్దలేదు. నాకు మాత్రం నిజంగానే మేనత్త. మేడమీది గదిలో ఆమె దగ్గరే ఉంటూ పెరిగాను కాబట్టి ఆమె గురించి నాలుగు మాటలు చెప్పే హక్కు నాకుంది. అందులో కొన్ని ఆమెకు నచ్చవు. అయినా చెప్తాను.

మా ఇంటి వీధి గదే ఆమె కుట్టు గది. రెండు మిషన్లు, గుడ్డ కత్తిరించే బల్ల, గోడకు కొట్టిన మేకుల మీద వేలాడే కాగితపు కొలతలు, కిటికీ పక్కన కాజాలు తీసే చోటు. బయట రేకుల నీడలో ఇస్త్రీ బాబాయి బల్ల ఉంటుంది. అత్త కుట్టిన బట్ట అక్కడ మడత పడితేగాని ఇంటికి వెళ్ళదు. అత్తకు రెండు గుణాలు ఎక్కువ. ఒకటి, ఏదీ వృథా కానివ్వదు. కత్తిరించగా మిగిలిన పీలికలు కూడా దిండ్లలోకి వెళ్ళాల్సిందే. రెండోది, ఏ ఇబ్బంది వచ్చినా దాన్ని బాగుచేయించడం కన్నా దానికో పద్ధతి కనిపెట్టడం. తలుపు గడియ పడకపోతే తలుపు కింద ఎంత కాగితపు మడత పెట్టాలో కనిపెడుతుంది. కుళాయి కారితే కింద ఏ గిన్నె పెట్టాలో, అది ఎప్పుడు నిండుతుందో కనిపెడుతుంది. ఆ తర్వాత ఆ పద్ధతి తెలియని వాళ్ళని చూసి జాలిపడుతుంది.

కూలర్ విషయంలోనూ అదే చేసింది.

అది ఇనప రేకు కూలర్. ఏదో ఆఫీసు ఖాళీ చేస్తుంటే మామయ్య చవగ్గా తెచ్చాడు. మూడు వైపులా గడ్డి పలకలు, కింద నీళ్ళ తొట్టి, తొట్టిలో నీళ్ళను పైకి తోసే చిన్న పంపు, ముందు ఫ్యాను. దాని వైరులో మూడు తీగలున్నాయి. మా ఇంట్లో ఉన్న పొడిగింపు పెట్టెకు రెండే కన్నాలు. మామయ్య ఎర్రదీ నల్లదీ ప్లగ్గుకు బిగించి, మిగిలిన ఆకుపచ్చ తీగను వెనక్కి మడిచి టేపు చుట్టేశాడు. ఫ్యాను తిరిగింది, గది చల్లబడింది. ఆ ఆకుపచ్చ తీగ ఎందుకుందని ఎవరూ అడగలేదు. అడిగే తీరిక కూడా ఎవరికి ఉంది.

తొలి వేసవిలోనే కూలర్ కరవడం మొదలుపెట్టింది. అత్త నీళ్ళు పోస్తూ రేకు మీద చెయ్యి వేస్తే జివ్వుమని మోచేతి దాకా పాకింది. చెయ్యి విదిలించుకుంటే మామయ్య నవ్వాడు. "పాతది కదా, కొంచెం ఉంటుంది" అన్నాడు, చుట్టాల్లో కోపిష్ఠి మనిషి గురించి చెప్పినట్టు. అత్త మర్నాడు రబ్బరు చెప్పుల జత ఒకటి కొనుక్కొచ్చింది. నీలం రంగు, దళసరి అట్ట. కూలర్ పక్కన గోడకు ఆనించి పెట్టింది. అవి వేసుకుంటే జివ్వుమనలేదు. ఇక అంతే, అది ఇంటి చట్టమైపోయింది. నీళ్ళు పోయాలంటే చెప్పులు. గడ్డి పలక సరిచేయాలంటే చెప్పులు. గాలి ఎటు రావాలో తిప్పాలంటే చెప్పులు. కొలతలివ్వడానికి వచ్చినవాళ్ళ పిల్లలు కూలర్ దగ్గరికి పోతే, "చెప్పుల్లేకుండా ముట్టుకోకు, కరుస్తుంది" అని మిషను మీంచే కేకేసేది.

"ఎంత జాగ్రత్త మిషనత్తా నీకు" అనేవాళ్ళు వాళ్ళ అమ్మలు. అత్త మెడ కాస్త నిలబెట్టేది. ఆ పొగడ్త ఆమెకు ఇష్టం. నేను కూడా ఆ చెప్పులు వేసుకునే నీళ్ళు పోసేదాన్ని. ఇంత తెలివైన ఇంట్లో ఒక్కరికీ తట్టలేదు, కరిచే వస్తువుకు వైద్యం చేయించాలి గాని మనం జోళ్ళు తొడుక్కోవడమేమిటని.

కాజాలక్క మా గదిలో కిటికీ పక్క కూర్చునే మనిషి. చొక్కాలకు కాజాలు తీయడం, గుండీలు కుట్టడం, అంచులు చేత్తో మడవడం ఆమె పని. అత్తకన్నా చిన్నది. అత్తను అక్కా అంటుంది, అత్త ఆమెను అమ్మాయ్ అంటుంది. ఆమె కాజా తీస్తే దారం దారానికి ఆనుకుని, గింజ పక్కన గింజ పేర్చినట్టు ఉంటుంది. మిషను కాజా అనుకుని తిప్పి చూసేవాళ్ళు జనం. మాట తక్కువ. దాహమేసినా మనం గ్లాసు ఎత్తేదాకా ఆగి, అప్పుడు తనూ తాగుతుంది. అలాంటి వాళ్ళతో ఒక చిక్కుంది. వాళ్ళకేం కావాలో మనకు ఎన్నటికీ తెలియదు, అడగలేదు కాబట్టి అక్కర్లేదనుకుంటాం.

బడులు తెరిచే ముందు రోజులవి. యూనిఫారాల గుట్టలు గదిలో నేల కనబడకుండా పడి ఉన్నాయి. అత్త పొద్దుటి నుంచీ మిషను దిగలేదు. కూలర్ తొట్టి ఒక మూల తుప్పు పట్టి కారుతోంది. ఆ నీళ్ళు మిషను కిందిదాకా వస్తున్నాయి. అత్త దానికీ ఒక పద్ధతి కనిపెట్టింది, పాత దుప్పటి ముక్క అడ్డం వేసింది. దుప్పటి తడిసి, నేలంతా చెమ్మ.

మధ్యాహ్నం తొట్టిలో నీళ్ళు అయిపోయి వేడిగాలి కొట్టడం మొదలైంది. అత్త తలెత్తకుండా అంది, "అమ్మాయ్, ఆ కూలర్లో కాసిని నీళ్ళు పొయ్యి. ఆపకు. ఆపితే మళ్ళీ గది చల్లబడేసరికి పొద్దుపోతుంది."

నేను మేడమీద ఉండి ఆ మాట విన్నాను. బకెట్ పడిన చప్పుడు వినబడింది, దాని వెనకే అత్త అరుపు. నేను మెట్లు దిగేసరికి కాజాలక్క కూలర్‌ను కావలించుకున్నట్టు నిలబడి ఉంది. చెయ్యి రేకు అంచును పట్టుకుని వదలడం లేదు. ఒళ్ళంతా బిగుసుకుని కంపిస్తోంది. అత్త ఆమె భుజం పట్టి లాగబోయింది.

"ముట్టుకోకు మిషనత్తా" అని అరిచాడు ఇస్త్రీ బాబాయి. ఆయన బల్ల పక్కనే వసారా గోడకు మా ఇంటి మెయిను స్విచ్చు ఉంది. చేతిలో ఇస్త్రీ పెట్టె వదిలేసి ఒక్క అంగలో దాన్ని కిందికి లాగాడు. ఫ్యాను చప్పుడు ఆగింది. కాజాలక్క చెయ్యి వదిలి నేల మీదికి జారిపోయింది. బాబాయి ఆమె ముక్కు దగ్గర చెయ్యి పెట్టి, ఛాతీ మీద చెవి ఆనించి విన్నాడు. "ఊపిరుంది, ఆటో పిలవండి" అన్నాడు. ఆయన స్విచ్చు లాగడం ఒక్క క్షణం ఆలస్యమైతే అత్త కూడా ఆమెకు అతుక్కుపోయేదే. ఆ సంగతి అప్పుడు మాకు తట్టలేదు.

ఆస్పత్రిలో ఈసీజీ తీశారు. గుండె బాగానే ఉంది గాని మర్నాటి దాకా కనిపెట్టి చూడాలన్నారు. కుడి అరచేతి మీద, రేకు అంచు తగిలినచోట, తోలు కాలి తెల్లబడింది. వేళ్ళు మూసుకుపోయి ఉన్నాయి. డాక్టరమ్మ ఒక్కొక్క వేలూ తెరిచి చూసి, "లోపలి నరం ఎంతవరకు తట్టుకుందో పుండు మానితేగాని తెలియదు. ఏం పని చేస్తుంది ఈమె?" అని అడిగింది.

"కాజాలు తీస్తుందండి" అన్నాను.

డాక్టరమ్మ ఆ చేతిని మెల్లగా మంచం మీద పెట్టింది. కాజాలక్క కళ్ళు మాత్రం డాక్టరమ్మ ముఖం మీదే ఉన్నాయి. ఆమె ఇంట్లో ఇద్దరు సంపాదిస్తే తప్ప గడవదు. ఆ రెండో సంపాదన ఆ వేళ్ళలోనే ఉంది.

సాయంత్రానికి ఆమె మొగుడు పరుగెత్తుకుంటూ వచ్చాడు. గోదాములో బస్తాలు మోసే మనిషి. తల మీద దుమ్ము కూడా దులుపుకోలేదు. పెళ్ళాన్ని చూశాడు, కట్టు చూశాడు, తర్వాత అత్త వైపు తిరిగాడు. "ఎలా జరిగిందండి?"

అత్త ఏం చెప్పవచ్చు? చాలా చెప్పవచ్చు. ఆపకు అన్నానని చెప్పవచ్చు. ఆ కూలర్ ఎప్పటి నుంచో కరుస్తోందని చెప్పవచ్చు. ఏమీ చెప్పకుండా ఏడ్చినా సరిపోయేది. ఆమె నోట వచ్చింది ఇది.

"చెప్పులు వేసుకోలేదు బాబూ. ఎన్నిసార్లు చెప్పానో."

అతను తల ఊపాడు. మంచం వైపు వంగి, "ఏంటే అంత తొందర" అన్నాడు, కోపంగా కాదు, బెంగగా. కాజాలక్క అత్త వైపు ఒకసారి చూసి కళ్ళు దించుకుంది.

"నాదే తప్పు. మరచిపోయాను" అంది.

సరిగ్గా అప్పుడు అత్త కిందికి చూసుకుంది. నేనూ చూశాను. ఆమె కాళ్ళకు నీలం చెప్పులు ఉన్నాయి. పొద్దున నీళ్ళు పోసి, నేల తడిగా ఉందని వాటిని విప్పకుండా అలాగే మిషనెక్కింది. అవే కాళ్ళతో ఆటో ఎక్కింది. కాజాలక్క నీళ్ళు పోయడానికి లేచినప్పుడు గోడ దగ్గర చెప్పుల్లేవు. అక్కడ ఉండాల్సిన చెప్పులు అత్త కాళ్ళకు ఉండి మిషను తొక్కుతున్నాయి.

అత్త కాళ్ళు రెండూ బెంచీ కిందికి లాక్కుంది. ఎవరైనా చూశారేమోనని నాలుగు వైపులా చూసింది. నా కళ్ళలో చూసి ముఖం తిప్పేసుకుంది. నా జన్మలో ఆమె నా ముందు ముఖం తిప్పుకోవడం అదే మొదలు. నాకు తల కొట్టేసినట్టయింది. ఆమె మీద కోపం కన్నా, ఆమె మనిషిని అయినందుకు ఎక్కువ సిగ్గేసింది.

ఇంటికొచ్చాక ఊరుకోలేదు. "అత్తా, ఆ చెప్పులు నీ కాళ్ళకే కదా ఉన్నాయి" అన్నాను.

"నువ్వు మేడమీదున్నావు. నీకేం తెలుసు" అని ఒంటికాలి మీద లేచింది. కాసేపటికి గొంతు తగ్గించి, "నేను గమనించలేదే. ఆ మాట నోట్లోంచి దానంతటదే వచ్చేసింది" అంది.

"వచ్చిన మాట వెనక్కి తీసుకోవచ్చుగా?"

అత్త చెప్పులు విప్పి మంచం కిందికి నెట్టేసింది.

మర్నాడు ఇస్త్రీ బాబాయి ఒక వైరింగాయన్ని తీసుకొచ్చాడు. నోటి దురుసు మనిషి. వస్తూనే మెయిను స్విచ్చు కిందికి దించే ఉందా లేదా అని చూసుకుని, కూలర్ ప్లగ్గు పీకి చేతిలోకి తీసుకున్నాడు. రెండు కాళ్ళ ప్లగ్గు చూసి మూతి విరిచాడు. వైరు వెంట చెయ్యి పోనిచ్చి, టేపు విప్పి, మడిచిన ఆకుపచ్చ తీగ బయటికి లాగాడు.

"ఎవరు బాబూ ఈ మహానుభావుడు?" అన్నాడు.

మామయ్య నీళ్ళు నమిలాడు.

కూలర్ వెనక పలక ఊడదీసి లోపల చూపించాడు. పంపు వైరుకు తొట్టిలోనే ఒక అతుకు ఉంది. మామూలు టేపు చుట్టారు, అది ఊడి నానుతోంది. తుప్పు పట్టిన మూల నుంచి కారిన నీళ్ళు కింద రేకు మీదుగా నేలకు దిగుతున్నాయి. "కరెంటు ఈ అతుకులోంచి నీళ్ళలోకి దిగింది, నీళ్ళలోంచి రేకుకు వచ్చింది. రేకంతా కరెంటే. నేలంతా తడి. ఉత్త కాళ్ళతో వచ్చి పట్టుకున్న మనిషిలోంచి నేలలోకి పోయింది. ఈ ఆకుపచ్చ తీగ భూమికి కలిపి ఉంటే, అది మనిషి దాకా వచ్చేది కాదు. తీగలోంచి దిగిపోయేది, ఫ్యూజు ఎగిరిపోయేది. దీన్ని మడిచిపెట్టడమంటే, దొంగొస్తే అరిచే కుక్క మూతి కట్టేసినట్టే."

"మరి ఇన్నాళ్ళూ ఏమీ కాలేదు కదా?" అంది అత్త, చాలా చిన్న గొంతుతో.

"కాలేదా? జివ్వుమనలేదా ఎప్పుడూ?"

వైరింగాయన గది కలయజూశాడు. గోడ దగ్గర చెప్పులు ఉండే చోట నేల మీద అరిగిన రెండు గుర్తులున్నాయి. "ఇక్కడేం పెట్టేవాళ్ళు?" అని అడిగాడు.

నేనే చెప్పాను, కూలర్ చెప్పులని. నీళ్ళు పోసేటప్పుడు వేసుకునేవి అని. మా ఇంటి ఘనత బయటి మనిషికి చెప్తుంటే ఎంత తెలివితక్కువగా వినిపించిందో. ఆయన నవ్వుతాడనుకున్నాను. నవ్వలేదు.

"తడిసిన రబ్బరు ఎంతవరకు కాపాడుతుందమ్మా? ఒక చెయ్యి రేకు మీదుండి రెండోది కుళాయికో తడి గోడకో తగిలితే కాళ్ళకేమున్నా ఒకటే. జివ్వుమందంటే కూలర్ చెప్తున్నట్టు, నన్ను ఆపి బాగుచేయించండీ అని. మీరు దాని మాట వినకుండా జోళ్ళు కొన్నారు."

"ఆపి పొయ్యమని చెప్పి ఉంటే?" అత్త అడిగింది. ఆ ప్రశ్న ఎందుకడుగుతోందో ఆయనకు తెలియదు. నాకు తెలుసు.

"ఆపితే చాలదు. మీ స్విచ్చు సరైన తీగ మీదే ఉందని నమ్మకమేంటి? ఆపాలి, ప్లగ్గు పీకాలి, అప్పుడు పోయాలి. పోశాక చేతులు తుడుచుకుని, రేకు మీద, నేల మీద ఒలికింది తుడిచి, అప్పుడు పెట్టాలి. అలా చేసుంటే నేనివాళ ఇక్కడికి వచ్చేవాణ్ణి కాదు."

అత్త కత్తిరించే బల్ల పట్టుకుని నిలబడింది. ఆపకు అన్న ఆ ఒక్క మాటను ఆమె మళ్ళీ ఎక్కడ పెట్టగలదు?

ఆ వారమంతా పని సాగింది. కుళాయి పక్కన గొయ్యి తీసి, ఇనప గొట్టం దింపి, చుట్టూ బొగ్గూ ఉప్పూ వేసి నీళ్ళు పోశారు. అక్కడి నుంచి దళసరి తీగ గదిలోకి లాగి మూడు కన్నాల ప్లగ్గు పెట్టె బిగించారు. తర్వాత వైరింగాయన భూమి తీగ నిజంగా పనిచేస్తోందా లేదా అని మీటరుతో కొలిచి చూశాడు. మెయిను దగ్గర లీకేజీ ట్రిప్పర్ అనే చిన్న పెట్టె పెట్టారు. కరెంటు ఏ కాస్త దారి తప్పినా అదే ఆపేస్తుందట. దాని మీది చిన్న బటను నెలకోసారి నొక్కి చూడమన్నాడు, స్విచ్చు కిందికి పడిపోతే మంచిదే, పడకపోతే కబురు పెట్టమన్నాడు. తుప్పు తొట్టికి అతుకులు వేయనన్నాడు. "కారే ఒంట్లో కరెంటు పెట్టను" అని తెగేసి చెప్పి తొట్టి మార్పించాడు. పంపు కొత్తది వేసి, అతుకు నీళ్ళకు అందకుండా పైన పెట్టెలో బిగించాడు. అప్పుడు కూలర్ వేసి, టెస్టరు రేకుకు ఆనించి చూపించాడు. వెలగలేదు.

కూలర్ బాగుపడింది. వీధి మాత్రం బాగుపడలేదు. అత్త ఆస్పత్రిలో అన్న మాట ఆమెకన్నా ముందే ఇంటికి చేరింది. బట్టలు తీసుకోవడానికి వచ్చిన ప్రతి ఒక్కరూ ఆ మాటనే ఆమెకు తిరిగి అప్పజెప్పారు.

"చెప్పులు వేసుకోకుండా ముట్టుకుందటగా పాపం."

"నువ్వు పిల్లలకు కూడా చెప్తుంటావు. దానికే వినబడలేదా?"

ఒకామె అయితే కుట్టించిన గౌను విప్పి చూసుకుంటూ, "అంత పరధ్యానం మనుషుల్ని పనిలో పెట్టుకోకు మిషనత్తా, నీ మీదికొస్తుంది" అంది.

అత్త నోరు తెరిచింది. "అది కాదమ్మా..." అంది. ఆ మాట పూర్తయ్యేలోపే వచ్చినామె గౌను మడిచి వెళ్ళిపోయింది. అంతవరకూ పొగిడితే మెడ నిలబెట్టే మనిషి, ఆ రోజు నుంచి గుమ్మంలో చెప్పుల చప్పుడైతే చాలు తల మిషను మీదికి దించేసుకునేది. అన్నం ముందు కూర్చుని కెలికేది. కిటికీ పక్కన కాజాలు లేని చొక్కాలు పేరుకుపోయాయి. వేరే మనిషిని పెట్టమని మామయ్య అన్నాడు. అత్త ఒప్పుకోలేదు. తనే రాత్రి దాకా కూర్చుని కాజాలు తీసింది, వంకరగా. చూసినవాళ్ళు ఏమీ అనకపోయినా ఆమెకు ముఖం చెల్లేది కాదు.

ఒకనాడు మిషను మధ్యలో ఆపి లేచింది. "పద" అంది నాతో. ఎక్కడికని అడగలేదు.

కాజాలక్క ఇల్లు ఒకే గది. ఒక మూల పొయ్యి, ఇంకో మూల పరుపు చుట్ట. కట్టు విప్పేశారు. అరచేతిలో గులాబీ రంగు కొత్త తోలు మెరుస్తోంది. ఒళ్ళో పాత గుడ్డపేలిక పెట్టుకుని, గోనె కుట్టే లావు సూదితో కాజా తీయడానికి ప్రయత్నిస్తోంది. చూపుడు వేలూ బొటన వేలూ కలుస్తున్నాయి గాని సూది వాటి మధ్య నిలవడం లేదు, జారిపోతోంది. మమ్మల్ని చూసి పేలికను మోకాలి కింద దాచేసింది. మొగుడు చాప వేశాడు. అత్త కూర్చోలేదు.

"బాబూ, ఆ రోజు నేను అబద్ధం చెప్పాను" అంది. ఒక్క ఊపిరిలో చెప్పేయాలని వచ్చినట్టుంది, ఆగలేదు. "చెప్పులు నా కాళ్ళకే ఉన్నాయి. కూలర్ ఆపొద్దని చెప్పింది నేను. అది కరుస్తుందని తెలిసీ ఇన్నేళ్ళు బాగుచేయించనిది నేను. నీ భార్య తప్పు ఏమీ లేదు. నీ ముందు నిలబడడానికే నాకు సిగ్గుగా ఉంది."

అతను అత్తను కాదు, పెళ్ళాన్ని అడిగాడు. "మరి మరచిపోయానన్నావేంటే?"

కాజాలక్క పొయ్యి వైపు చూస్తూ చెప్పింది. "మరచిపోలేదు. గోడ దగ్గర చూశాను, లేవు. అక్క కాళ్ళకు కనబడ్డాయి. అక్క పని హడావుడిలో ఉంది, ఇమ్మని అడిగితే మిషను ఆపాలి. ఒక్కసారికేం అవుతుందిలే అనుకున్నా." ఆగి, అత్త వైపు తిరిగింది. "ఆస్పత్రిలో మీరు అలా అనగానే, కాదంటే పనిలోకి రానివ్వరేమోనని భయమేసింది అక్కా. చెయ్యి చూశారుగా. ఈ చేతికి తోడు మాట కూడా ఎదురిస్తే ఇంకెవరు పెట్టుకుంటారు?"

అత్త అప్పుడు కూర్చుంది. చాప మీద కాదు, నేల మీద, పడిపోయినట్టు. ఏడుస్తుందనుకున్నాను, ఏడవలేదు. కాజాలక్క మోకాలి కింద దాచిన పేలిక తీసుకుని, ఆ వంకర కాజాను చేత్తో నిమురుతూ కూర్చుంది. "నీ చోటు నీదే. చెయ్యి తిరిగి రానీ, రాకపోనీ. కత్తిరించే పని నేర్పిస్తాను, కొలతలు తీసుకుందువుగాని. రేపట్నుంచి రా" అంది.

కాజాలక్క సరే అనలేదు, కాదనలేదు. మొగుడు మాత్రం అన్నాడు. "మా ఇంట్లో చెప్పారు, సంతోషం. వీధిలో అందరూ దీన్ని పరధ్యానం మనిషి అంటున్నారు. అక్కడెవరు చెప్తారండి?"

అత్త పేలికను కాజాలక్క ఒళ్ళో పెట్టి లేచింది.

మర్నాడు కాజాలక్క వచ్చింది. కిటికీ పక్కన కూర్చుని, ఎడమచేత్తో గుండీలు రంగుల వారీగా ఏరుతోంది. మధ్యాహ్నం కూలర్లో నీళ్ళు తగ్గాయి. అత్త మిషను దిగి స్విచ్చు ఆపింది, ప్లగ్గు పీకి బల్ల మీద పెట్టింది. గది కాగిపోయింది. బకెట్ ఎత్తి పోస్తుంటే పరధ్యానం మాట అన్న గౌనామె గుమ్మంలోకి వచ్చింది. కాజాలక్కను చూసి, "వచ్చావా? ఇక మీదట జాగ్రత్తగా ఉండు తల్లీ" అంది. తర్వాత అత్త వైపు తిరిగి మెచ్చుకోలుగా, "పోనీలే, తప్పు తనదేనని ఒప్పుకుందట, మంచిపిల్ల" అంది.

అత్త బకెట్ కింద పెట్టింది. చేతులు చీరకు తుడుచుకుంది. వసారాలో ఇస్త్రీ బాబాయి, వాకిట్లో బట్టల కోసం నిలబడ్డ ఇంకో ఇద్దరు వినేటంత గొంతుతో అంది.

"తనది కాదమ్మా, తప్పు నాది. పని పోతుందని భయపడి తన మీద వేసుకుంది. ఆ భయం పెట్టిందీ నేనే."

గౌనామె కాజాలక్క వైపు చూసింది. కాజాలక్క తల దించుకోలేదు. ఏరిన గుండీలు అరచేతిలో పోసుకుని, అవి జారిపోకుండా వేళ్ళు ముడవడానికి ప్రయత్నిస్తోంది.